సారాంశం రాసేశాను, మిగతా రెండూ ఎలా రాయాలి?

*మేడమ్, నేను విద్యాశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. క్లాసులో నోట్స్ చేత్తో రాసుకోవడం మేలా, ల్యాప్‌టాప్‌లో టైప్ చేసుకోవడం మేలా అన్నది నా టాపిక్. మా గైడ్ గారు ఒక రీడింగ్ లిస్ట్ ఇచ్చి, దాంతో అనోటేటెడ్ బిబ్లియోగ్రఫీ తయారు చేయమన్నారు. ఒక్కో ఎంట్రీ కింద సారాంశం, మూల్యాంకనం, నా టాపిక్‌తో సంబంధం ఉండాలట. ఆరు ఎంట్రీలు రాసి చూపిస్తే, "అన్నీ సారాంశాలే, మిగతా రెండూ ఏవి?" అని తిప్పి పంపారు. నేను ప్రతిదాని కిందా "ఇది ప్రామాణికమైన జర్నల్‌లో వచ్చిన వ్యాసం, నా పరిశోధనకు ఎంతో ఉపయోగపడుతుంది" అని రాశాను కూడా. ఇంకేం రాయాలి? పేరున్న జర్నల్‌లో అచ్చయిన వ్యాసాన్ని తూకం వేయడానికి నేనెంతదాన్ని?*

మీరు ప్రతి ఎంట్రీ కిందా రాసిన ఆ ఒక్క వాక్యాన్ని తీసి వేరే ఎంట్రీ కింద పెట్టి చూడండి. అక్కడా చక్కగా సరిపోతుంది. ఆరింటికీ సరిపోయే వాక్యం ఆరింటిలో ఏ ఒక్కదాని గురించీ ఏమీ చెప్పనట్టే. మీ గైడ్ గారికి కనబడిన లోపం అదే. దీన్ని కొలబద్దగా పెట్టుకోండి: మూల్యాంకనం వాక్యం వేరే వ్యాసం కిందికి మార్చగానే తప్పైపోవాలి. సంబంధం వాక్యం మీ పరిశోధన ప్రశ్న మారగానే తప్పైపోవాలి. అలా తప్పైపోకపోతే అది ఇంకా రాయాల్సిన వాక్యమే.

ఇది మీ తెలివికి సంబంధించిన సమస్య కాదు, పని చేసిన వరసకు సంబంధించింది. ఒక వ్యాసం చదవడం, వెంటనే దాని ఎంట్రీ మొత్తం పూర్తి చేయడం, తర్వాతి వ్యాసానికి వెళ్లడం. మీరు ఇలాగే చేసి ఉంటారని నా ఊహ, చాలామంది ఇలాగే చేస్తారు. ఆ పద్ధతిలో సారాంశం బాగానే వస్తుంది, ఎందుకంటే దానికి కావాల్సినదంతా ఆ వ్యాసంలోనే ఉంటుంది. మూల్యాంకనానికి మాత్రం పక్కన ఇంకో రెండు మూడు వ్యాసాలు కావాలి. సంబంధం రాయాలంటే మీ ప్రశ్న కచ్చితంగా తెలిసి ఉండాలి. ఈ రెండూ చేతిలో లేకుండా రాయబోతే "ప్రామాణికం", "ఉపయోగకరం" లాంటి మాటలు తప్ప ఇంకేం రావు.

అందుకే ముందు ప్రశ్న సంగతి చూద్దాం. "చేత్తోనా, ల్యాప్‌టాప్‌లోనా" అన్నది టాపిక్ మాత్రమే. దాన్ని ప్రశ్నగా మార్చండి. ఉదాహరణకు: "ఉపన్యాసం వింటూ డిగ్రీ విద్యార్థులు చేత్తో రాసుకున్న నోట్స్‌కీ, టైప్ చేసుకున్న నోట్స్‌కీ మధ్య, వాటిని మళ్లీ చదువుకుని కొన్ని రోజుల తర్వాత పరీక్ష రాసినప్పుడు, విషయం అర్థమైందో లేదో చూసే ప్రశ్నల్లో తేడా కనిపిస్తుందా?" వాక్యం పొడుగే. కానీ ఇందులో ప్రతి మాటా ఒక జల్లెడ. ఉపన్యాసం వింటూనా, పుస్తకం చదువుతూనా? నోట్స్ మళ్లీ చదివారా, లేదా? పరీక్ష అప్పుడేనా, రోజుల తర్వాతా? అడిగింది అంకెలూ పేర్లూ గుర్తున్నాయా అనా, భావం అర్థమైందా అనా? జాబితాలోని ప్రతి వ్యాసాన్నీ ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి. ఏ వ్యాసం దేనికి జవాబిస్తుందో, దేనికి ఇవ్వదో తేలిపోతుంది. మీ సంబంధం వాక్యాల్లో సగం అక్కడే పుడతాయి.

ఇక జాబితాను అక్షరక్రమంలో చదవకండి. అక్షరక్రమం తుది ప్రతి కోసం. చదివేటప్పుడు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్న వ్యాసాలను ఒక గుంపుగా పెట్టుకోండి. ఒక వ్యాసం చివర ఉన్న ఆధారాల పట్టికలో మీ జాబితాలోని ఇంకో వ్యాసం కనిపిస్తే అవి రెండూ ఒకే గుంపు. గూగుల్ స్కాలర్‌లో ఒక్కో వ్యాసం కింద `Cited by` అన్న లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ వ్యాసం తర్వాత దాన్ని ప్రస్తావించినవన్నీ వస్తాయి. వాటిలో మీ జాబితాలోవి ఏవి ఉన్నాయో చూడండి. జాబితాలో లేకపోయినా ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూసిన వ్యాసం ఏదైనా ఉంటే దాన్ని కూడా పక్కన పెట్టుకోండి.

మీ టాపిక్‌లో ఇలాంటి గుంపు ఒకటి సిద్ధంగా ఉంది కాబట్టి దాన్నే చేసి చూపిస్తాను. పామ్ మ్యుల్లర్, డేనియల్ ఒపెన్‌హైమర్ 2014లో 'సైకలాజికల్ సైన్స్' జర్నల్‌లో రాసిన వ్యాసం మీ జాబితాలో ఉండే ఉంటుంది. ఈ టాపిక్ మీద పనిచేసేవాళ్లు దాన్ని దాటిపోలేరు. దానికి ఎక్కువగా కనబడే సారాంశం ఇలా ఉంటుంది: "చేత్తో నోట్స్ రాసుకున్న విద్యార్థులు ల్యాప్‌టాప్ వాడినవారికంటే బాగా నేర్చుకుంటారని ఈ వ్యాసం నిరూపించింది." ఇందులో అబద్ధం లేనట్టే కనిపిస్తుంది. కానీ ఇది రాయడానికి శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ చదివితే చాలు. మూల్యాంకనానికి పట్టు దొరికేది ప్రయోగం ఎలా చేశారో చెప్పే విభాగంలోనే.

ఆ విభాగం తెరిస్తే మూడు వేర్వేరు ప్రయోగాలు కనిపిస్తాయి. మొదటి దాంట్లో ఒకే విశ్వవిద్యాలయానికి చెందిన 67 మంది విద్యార్థులు రికార్డు చేసిన చిన్న ప్రసంగాలు చూస్తూ నోట్స్ తీసుకున్నారు. మధ్యలో దాదాపు అరగంట వేరే పనులు చేయించి, నోట్స్ మళ్లీ చూసుకునే వీలివ్వకుండా పరీక్ష పెట్టారు. వివరాలు గుర్తున్నాయా అనే ప్రశ్నల్లో రెండు గుంపులూ సమానంగా నిలిచాయి. భావం అడిగే ప్రశ్నల్లో ల్యాప్‌టాప్ వాళ్లు వెనకబడ్డారు. రెండో ప్రయోగంలో ల్యాప్‌టాప్ వాళ్లలో కొందరిని "ఉన్నదున్నట్టు దించుకోకండి, మీ మాటల్లో రాసుకోండి" అని ముందే హెచ్చరించారు. అయినా దించుకోవడం తగ్గలేదు. మూడో దాంట్లో పరీక్ష వారం తర్వాత జరిగింది, కొందరికి ముందుగా తమ నోట్స్ చదువుకునే అవకాశం ఇచ్చారు. అక్కడ చేత్తో రాసుకుని, వాటిని చదువుకున్నవాళ్లు అందరికంటే బాగా చేశారు.

ఇప్పుడు మీ ప్రశ్న పక్కన పెట్టి చూడండి. లోకంలో ఎక్కువగా ప్రచారమైంది మొదటి ప్రయోగం. మీకు పనికొచ్చేది మాత్రం మూడోది, ఎందుకంటే మీరు అడుగుతున్నది రోజుల తర్వాత, నోట్స్ చదువుకున్నాక జరిగే పరీక్ష గురించి. అబ్‌స్ట్రాక్ట్ దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ సంగతి మీకు తట్టే అవకాశమే లేదు.

తర్వాత పక్కింటి వ్యాసాలు. 2019లో మోర్‌హెడ్, డన్లాస్కీ, రాసన్ అదే ప్రయోగాన్ని మళ్లీ చేస్తూ, ఎలక్ట్రానిక్ పలక మీద రాసేవాళ్లను, అసలు నోట్సే తీసుకోనివాళ్లను కూడా చేర్చారు. చేత్తో రాసినవాళ్ల వైపు కొంత మొగ్గు కనిపించింది కానీ గుంపుల మధ్య నిలకడైన తేడా రాలేదు. నోట్స్ చదువుకున్నాక ఉన్న తేడా ఇంకా తగ్గింది. ఏ పద్ధతి మేలో ఇప్పుడే తేల్చడం తొందరపాటని వాళ్లు ముగించారు. 2021లో హెదర్ అర్రీ, ఆమె సహచరులు అదే 'సైకలాజికల్ సైన్స్'లో మొదటి ప్రయోగాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ చేశారు. ల్యాప్‌టాప్ మీద 74 మంది, చేత్తో 68 మంది. ల్యాప్‌టాప్ వాళ్లు ఎక్కువ మాటలు రాయడం, వక్త మాటల్ని ఎక్కువగా దించుకోవడం ఈసారీ కనిపించాయి. పరీక్షలో చేత్తో రాసినవాళ్లకు మేలు మాత్రం కనిపించలేదు. ఇలాంటి ఎనిమిది అధ్యయనాల ఫలితాలను కలిపి చూసినా అదే ధోరణి.

ఇక్కడ చాలామంది, "2014 వ్యాసం తప్పని తేలింది" అని రాసేస్తారు. ఆ తొందర వద్దు. 2021 వ్యాసం మళ్లీ చేసింది మొదటి ప్రయోగాన్ని మాత్రమే, నోట్స్ చదువుకోనివ్వకుండా అప్పటికప్పుడు పెట్టిన పరీక్షతో. వారం తర్వాతి పరీక్ష గురించి అది నేరుగా ఏమీ చెప్పదు. 2014 వ్యాసం ఏ భాగంలో బలహీనపడింది, ఏ భాగం నిలిచింది, ఏ భాగం ఇంకా తేలలేదు అని విడదీసి చెప్పగలిగితే అదే మూల్యాంకనం. ఇంకో చిన్న పని: ఆ వ్యాసం ఉన్న జర్నల్ పేజీకే వెళ్లి, దానికి సవరణ ఏదైనా వచ్చిందేమో చూడండి. ఈ వ్యాసానికి 2018లో వచ్చింది. ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసుకున్న పాత పీడీఎఫ్‌లో అది కనబడదు.

ఇవన్నీ ముందు పెట్టుకుంటే ఎంట్రీ ఇలా వస్తుంది:

> మూడు ప్రయోగాల ద్వారా, ఉపన్యాసం వింటూ చేత్తో రాసిన నోట్స్‌ను ల్యాప్‌టాప్ నోట్స్‌తో పోల్చారు. ల్యాప్‌టాప్ వాడినవారు వక్త మాటలను ఎక్కువగా యథాతథంగా రాసుకున్నారు. మొదటి ప్రయోగంలో వివరాల ప్రశ్నల్లో తేడా లేకపోయినా, భావాన్ని అడిగే ప్రశ్నల్లో వారు వెనకబడ్డారు. వారం తర్వాత పరీక్ష పెట్టిన మూడో ప్రయోగంలో, చేత్తో రాసి, చదువుకున్నవారు మిగతా అందరికంటే మెరుగ్గా చేశారు.
>
> మార్కులను మాత్రమే కాక నోట్స్‌లోని మాటలను కూడా కొలవడం ఈ వ్యాసం బలం. యథాతథంగా దించుకోవడం గురించిన ఫలితం 2021 పునఃప్రయోగంలోనూ నిలిచింది. మార్కుల తేడా మాత్రం నిలవలేదు: 2019, 2021 పునఃప్రయోగాలు రెండింటిలోనూ చేతిరాతకు నిలకడైన మేలు కనిపించలేదు. మొదటి ప్రయోగంలో పాల్గొన్నది ఒకే విశ్వవిద్యాలయం విద్యార్థులు 67 మంది కావడం కూడా గమనించాలి. అందువల్ల దీన్ని తేలిన నిజంగా కాక, చర్చను మొదలుపెట్టిన ప్రతిపాదనగా చూడాలి.
>
> నా ప్రశ్న నోట్స్ చదువుకుని, రోజుల తర్వాత రాసే పరీక్ష గురించి కాబట్టి నాకు ముఖ్యమైనది మూడో ప్రయోగం. నా పరీక్ష వ్యవధిని నిర్ణయించడానికి దాన్ని ఆధారం చేసుకుంటాను. మొదటి ప్రయోగాన్ని పూర్వ పరిశోధనల అధ్యాయంలో, 2021 వ్యాసంతో కలిపి చర్చిస్తాను.

ఇది దాదాపు నూరు మాటల పైచిలుకు. సాధారణంగా ఒక ఎంట్రీకి నూరు నుంచి రెండు వందల మాటలు అడుగుతారు. మీ విభాగం ఏదైనా హద్దు పెట్టి ఉంటే దాన్నే పాటించండి. హద్దు దాటితే కోయాల్సింది సారాంశాన్నే. అది ఎంట్రీలో సగానికి మించితే మీ గైడ్ గారు మళ్లీ అదే మాట అంటారు. ఇక్కడ సారాంశంలో రెండో ప్రయోగాన్ని పూర్తిగా వదిలేశాను, గమనించారా? నా మూల్యాంకనానికీ, సంబంధానికీ అది అక్కర్లేదు. ఒకవేళ మీ ప్రశ్న "ముందే హెచ్చరిస్తే విద్యార్థులు దించుకోవడం మానేస్తారా" అన్నదైతే సారాంశంలో ముందుండాల్సింది అదే. అంటే సారాంశం కూడా మీ ప్రశ్నను బట్టి మారుతుంది. ఒకే వ్యాసానికి ఇద్దరు విద్యార్థులు రాసిన సారాంశాలు ఒకేలా ఉండనక్కర్లేదు.

2021 వ్యాసం ఎంట్రీలో మళ్లీ ఇదంతా చెప్పకండి. అక్కడి మూల్యాంకనం వేరే చోట నిలబడుతుంది: అసలు ప్రయోగం పద్ధతినే పాటించడం, ఎక్కువమందిని తీసుకోవడం, ఇతర అధ్యయనాలతో కలిపి చూడటం దాని బలాలు. పరిమితి, అప్పటికప్పుడు పెట్టిన పరీక్ష. ఇక సంబంధం ఇలా ఉండొచ్చు: "రోజుల తర్వాతి పరీక్షను ఈ వ్యాసం వదిలేసింది. నా అధ్యయనం అక్కడ మొదలవుతుంది." ఇలాంటి వాక్యం దొరికిందంటే మీ సినాప్సిస్‌లో పరిశోధన అవసరం అన్న భాగానికి మొదటి పేరా దొరికినట్టే.

"నేనెంతదాన్ని" అన్నారు. మూల్యాంకనం అంటే రచయితల మీద తీర్పు చెప్పడమనుకుంటే ఆ బెరుకు సహజం. కానీ పైన రాసిన మూల్యాంకనంలో నా సొంత అభిప్రాయంగా వచ్చింది చివరి వాక్యం ఒక్కటే, అది కూడా ముందున్న వాటి మీదే నిలబడింది. ఎంతమంది పాల్గొన్నారో ఆ వ్యాసమే చెప్పింది. ఏది నిలిచిందో, ఏది నిలవలేదో తర్వాతి వ్యాసాలు చెప్పాయి. ఈ వ్యాసం ఎంత బరువు మోయగలదో, ఏ బరువు దాని మీద పెట్టకూడదో చెప్పడమే మీ పని. చాలా వ్యాసాల చివరి చర్చలో రచయితలే తమ పరిమితులు చెప్పుకుంటారు. అవి తప్పక చదవండి, అయితే అక్కడే ఆగకండి. వాళ్లు చెప్పుకున్న పరిమితుల్లో మీ ప్రశ్నకు తగిలేది ఏదో ఎంచుకుని, అది మాత్రమే రాయండి. "శాంపిల్ చిన్నది" అన్న మాట కూడా ఊరికే రాయొద్దు. చిన్నదైతే మీకేం ఇబ్బంది, దానివల్ల ఏ ఫలితాన్ని నమ్మలేకపోతున్నారు అన్నది పక్కనే ఉండాలి.

జాబితాలో ప్రయోగాలు కానివీ ఉంటాయి. ఒక పాఠ్యపుస్తకం అధ్యాయమో, ఒక ఉపాధ్యాయుడు రాసిన అభిప్రాయ వ్యాసమో ఉందనుకోండి. వాటిని శాంపిల్ అడగడం అర్థం లేని పని. ఆ అధ్యాయం ఏ సంవత్సరం దాకా వచ్చిన పరిశోధనను చూసిందో అడగండి. నోట్స్ గురించి 2018 నాటి పుస్తకం 2014 వ్యాసాన్ని తిరుగులేనిదిగా చెప్తే ఆశ్చర్యం లేదు, ఆ పునఃప్రయోగాలు అప్పటికి రాలేదు. ఎంట్రీలో ఆ మాటే రాయండి. అభిప్రాయ వ్యాసమైతే రచయిత ఏ అనుభవం నుంచి మాట్లాడుతున్నారు, ఏ ఆధారం చూపించారు అన్నది చాలు.

మీ ప్రశ్నకు అసలు తగలని వ్యాసం కూడా గైడ్ గారి జాబితాలో ఉండొచ్చు. బలవంతంగా సంబంధం అంటించకండి. "ఇది చదువుతూ తీసుకున్న నోట్స్ గురించి, నా ప్రశ్న వింటూ తీసుకునే వాటి గురించి, అందుచేత కొలిచే పద్ధతి వరకే వాడుకుంటాను" అని ఉన్నమాట రాయండి. గైడ్‌లు ఆ వాక్యాన్ని తప్పు పట్టరు. మీరు చదివారనడానికి అదే రుజువు.

సారాంశం రాసేటప్పుడు వ్యాసాన్ని మూసేసి, గుర్తున్నంత మేరకు మీ మాటల్లో రాయండి. తర్వాత తెరిచి అంకెలూ, ఏ ప్రయోగంలో ఏం జరిగిందీ సరిచూసుకోండి. అబ్‌స్ట్రాక్ట్ పక్కన పెట్టుకుని రాస్తే మాటలు మార్చినా వాక్యాల వరస దానిదే వస్తుంది. చదివినవారికి అది వెంటనే తెలిసిపోతుంది, కాపీగా కూడా లెక్కకొస్తుంది. చదివేటప్పుడే పేజీ నంబర్లు రాసుకోండి, థీసిస్ రాసే రోజున వాటి కోసం మళ్లీ పీడీఎఫ్‌లు తిరగేయాల్సిన పని తప్పుతుంది.

రూపం గురించి క్లుప్తంగా. మీ విభాగం ఏపీఏ పద్ధతి వాడుతుంటే ఎంట్రీలు మొదటి రచయిత ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి. ఆధారం వివరాల్లో మొదటి పంక్తి అంచు నుంచి మొదలై, మిగతావి అర అంగుళం లోపలికి వెళ్తాయి. మీ వ్యాఖ్య దాని కింద కొత్త పేరాగా, మొత్తం అర అంగుళం లోపలికి ఉంటుంది. జొటేరో లాంటి సాఫ్ట్‌వేర్ ఆధారాలను తనే తయారు చేసి ఇస్తుంది కానీ, దానికి వెబ్‌సైట్ ఇచ్చిన సమాచారంలో తప్పుంటే మీ ప్రతిలోనూ అదే తప్పు వస్తుంది. రచయితల పేర్ల వరస, సంపుటి, సంచిక, పేజీలు ఒక్కసారి పీడీఎఫ్ మొదటి పేజీతో పోల్చి చూసుకోండి.

ఇప్పటికే రాసిన ఆరు ఎంట్రీలనూ పారేయకండి. సారాంశాలు అలాగే ఉంచి, కింది వాక్యాలు మాత్రం తీసేయండి. ప్రశ్నను ఒక కాగితం మీద రాసి కళ్లముందు పెట్టుకోండి. ఆరింటిలో ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మూడింటిని ఎంచుకుని, ముందు మూడింటి ప్రయోగ పద్ధతులూ చదివి, ఆ తర్వాత మూడింటి మూల్యాంకనాలూ ఒకేసారి కూర్చుని రాయండి. సంబంధం వాక్యాలు అన్నిటికంటే చివర. మొత్తం జాబితా పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ మూడూ, మీ ప్రశ్నా గైడ్ గారికి చూపించండి. ప్రశ్నలో ఆయన ఒక్క మాట మార్చినా మిగతా ఎంట్రీల సంబంధం వాక్యాలన్నీ మారతాయి. ఆ మార్పు మూడు ఎంట్రీల దగ్గర ఉన్నప్పుడే తెలిస్తే మీకు పని తగ్గుతుంది.